ఏ డిపో ఎంత బాగా నడుస్తోంది: పల్లెవెలుగుకూ ఘాట్‌కూ న్యాయం చేసే లెక్క

ఆర్టీసీలో డిపోలను పోల్చాలంటే వెంటనే చేతికి వచ్చేవి మూడు అంకెలు. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు నడిచిన కిలోమీటర్లు, ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, ఓఆర్ అంటే సీట్లు నిండిన శాతం. చిక్కేమిటంటే ఒక్కో అంకె ఒక్కో డిపోను పైకి తెస్తుంది. బెంగళూరు, చెన్నై రూట్లలో ఎక్స్‌ప్రెస్‌లు నడిపే డిపోకు ఈపీకే బాగుంటుంది. సత్యవేడు వైపు, కుప్పం వైపు ఊరూరా ఆగుతూ తిరిగే పల్లెవెలుగు బస్సులు ఆ అంకెలో ఎప్పటికీ వెనకే ఉంటాయి. కానీ ఆ బస్సులు చేసే పని చిన్నదేమీ కాదు.

అనేక వనరులు వాడి అనేక రకాల ఫలితాలు ఇచ్చే సంస్థలను ఒకే మార్కుతో పోల్చే పద్ధతిని 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు ప్రచురించారు. దాని పేరు డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, పొట్టిగా డీఈఏ. ఉమ్మడి చిత్తూరు జిల్లా డిపోలను ఆ లెక్కలో ఎలా పెట్టాలో, వచ్చిన మార్కును ఎంతవరకు నమ్మాలో చూద్దాం.

ముందు ఏవి లెక్కలోకి వస్తాయో తేల్చుకోండి

వనరులు రెండు చాలు: సిబ్బంది, డీజిల్. బస్సు నడపడంలో పెద్ద ఖర్చులు అవే. ఫలితాలు కూడా రెండు తీసుకోండి: ప్రయాణికుల కిలోమీటర్లు, పల్లెవెలుగు సర్వీసులు తిరిగిన కిలోమీటర్లు. పది మంది ఇరవై కిలోమీటర్లు వెళ్తే రెండు వందల ప్రయాణికుల కిలోమీటర్లు అవుతాయి. రెండో ఫలితాన్ని విడిగా పెట్టడానికి కారణం ఉంది. పది మందే ఎక్కే ఊరికి బస్సు పంపడం కూడా డిపో బాధ్యతే అయినప్పుడు, ఆ పనికి మార్కు పడే చోటు ఉండాలి.

ఆదాయాన్ని ఫలితంగా పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నేను వద్దంటాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. పథకానికి ముందు నెలలనూ తర్వాతి నెలలనూ కలిపి ఆదాయం చూస్తే, కిక్కిరిసి నడిచిన బస్సు కూడా ఖాళీగా తిరిగినట్టు కనిపిస్తుంది. ప్రయాణికుల కిలోమీటర్లకు ఆ బెడద లేదు.

వనరులూ ఫలితాలూ పెంచుకుంటూ పోకండి. వాడుకలో ఉన్న కొలత ఇది: డిపోల సంఖ్య, వనరులూ ఫలితాలూ కలిపిన సంఖ్యకు కనీసం మూడు రెట్లు ఉండాలి. మనకు రెండూ రెండూ నాలుగు కాబట్టి పన్నెండు డిపోలు కావాలి. తిరుపతి జిల్లా డిపోలు మాత్రమే తీసుకుంటే ఈ సంఖ్య చేరడం కష్టం. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె, పీలేరు కలుపుకుంటే సరిపోతుంది. ఇంతకంటే తక్కువ డిపోలతో వేస్తే సగానికి పైగా పూర్తి మార్కుతో బయటికి రావచ్చు, లెక్క ఏమీ చెప్పకుండానే ముగియవచ్చు.

అంకెలు తెచ్చుకునేటప్పుడు

ఈ లెక్క చెడేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. ఒక డిపో ఫలితాలు ఏ బస్సులవో, వనరులు కూడా సరిగ్గా ఆ బస్సులవే కావాలి.

అద్దె బస్సులనే తీసుకోండి. అవి తిరిగిన కిలోమీటర్లు డిపో ఖాతాలో పడతాయి. వాటి డ్రైవర్లు యజమాని మనుషులు, డిపో జీతాల పట్టికలో కనిపించరు. అద్దె బస్సులు ఎక్కువ ఉన్న డిపో, తక్కువ మందితో ఎక్కువ పని చేసినట్టు తేలుతుంది. విద్యుత్ బస్సులది ఇంకా పెద్ద సమస్య. 2022 నుంచి తిరుపతి నుంచి తిరుమలకు అవి తిరుగుతున్నాయి. వాటిలో వెళ్లిన భక్తుల కిలోమీటర్లన్నీ ఫలితంలో చేరతాయి, డీజిల్ గడిలో మాత్రం ఒక్క లీటరు కూడా పడదు. ఆ డిపో అందరినీ మించిపోయినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి మిగతా డిపోల మార్కులు పడిపోతాయి. దీనికి రెండు దారులు ఉన్నాయి. విద్యుత్ బస్సుల, అద్దె బస్సుల ఫలితాలనూ, వాటి కోసం పనిచేసే డిపో సిబ్బంది ఉంటే వారినీ పూర్తిగా తీసివేసి డిపో సొంత డీజిల్ బస్సులను మాత్రమే పోల్చవచ్చు. లేదంటే డీజిల్, కరెంటు రెండింటినీ కలిపి ఇంధన ఖర్చుగా రూపాయల్లో పెట్టి, బయటి డ్రైవర్లను కూడా సిబ్బందిలో లెక్కించవచ్చు. మొదటి దారి సులువు, శుభ్రం కూడా.

ఘాట్ సంగతి వేరే. తిరుమల కొండ ఎక్కే బస్సుకూ శ్రీకాళహస్తి రోడ్డులో సాఫీగా వెళ్లే బస్సుకూ కేఎంపీఎల్‌లో తేడా డ్రైవర్ చేతిలో లేదు, దారిలోనే ఉంది. ఒకే రకమైన పరిస్థితుల్లో పనిచేసే డిపోలను మాత్రమే పోల్చాలన్నది డీఈఏకు పునాది. అందువల్ల తిరుమల ఘాట్ సర్వీసుల కిలోమీటర్లు, డీజిల్, సిబ్బంది మూడింటినీ వేరుచేసి పక్కన పెట్టండి. పీలేరు దారిలో భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ కూడా ఉన్నాయి. అయితే అవి మామూలు రూట్లలో కొద్ది కిలోమీటర్లే కాబట్టి వాటిని లెక్కలోనే ఉంచి, ఫలితం చదివేటప్పుడు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒకే నెల అంకెలు వద్దు. బ్రహ్మోత్సవాల సమయంలో ఇతర డిపోల బస్సులు, సిబ్బంది తిరుపతికి వస్తారు. ఆ నెలలో ఎవరి పని ఎవరి ఖాతాలో పడిందో విడదీయడం దాదాపు అసాధ్యం. పన్నెండు నెలల సగటు తీసుకోండి.

లెక్క వెనక ఉన్న ఆలోచన

రెండు ఫలితాలను కలిపి ఒకే అంకె చేయాలంటే ఒక్కోదానికి బరువు ఇవ్వాలి. పల్లెవెలుగు కిలోమీటరు విలువ ఎంత, ప్రయాణికుల కిలోమీటరు విలువ ఎంత అని కార్యాలయంలో కూర్చుని నిర్ణయిస్తే ఏదో ఒక డిపో తనకు అన్యాయం జరిగిందంటుంది. డీఈఏ ఆ వాదనకు చోటు ఇవ్వదు. ప్రతి డిపోకు దానికి అత్యంత అనుకూలమైన బరువులే ఇస్తుంది. షరతు ఒక్కటే: అవే బరువులతో లెక్కించినప్పుడు ఏ డిపో మార్కూ, తనది సహా, ఒకటి దాటకూడదు.

```
గరిష్ఠం:  (u1*y1 + u2*y2) / (v1*x1 + v2*x2)
షరతు:   ప్రతి డిపోకు ఇదే నిష్పత్తి <= 1
          u1, u2, v1, v2 >= 0
```

ఇక్కడ `x` వనరులు, `y` ఫలితాలు, `v`, `u` వాటి బరువులు. తనకు నచ్చిన బరువులు ఇచ్చినా ఒక డిపోకు 0.9 మాత్రమే వచ్చిందంటే, అవే బరువులతో మరో డిపో ఇంతకంటే బాగా చేస్తోందన్నమాట. బరువులు తప్పని ఇక ఎవరూ అనలేరు.

నిష్పత్తి అలాగే ఉంటే లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ఇమడదు. అన్ని బరువులనూ ఒకే అంకెతో హెచ్చించినా నిష్పత్తి మారదు కదా. ఆ వెసులుబాటును వాడుకుని, మార్కు వేస్తున్న డిపో హారాన్ని 1కి కట్టేస్తాం. అప్పుడు పైనున్న లవాన్ని పెంచడమే పని. మిగతా డిపోల షరతుల్లో హారాన్ని అటు తీసుకెళ్తే అవీ సరళమైపోతాయి.

```
గరిష్ఠం:  u1*y1 + u2*y2
షరతులు: v1*x1 + v2*x2 = 1
          ప్రతి డిపోకు  u1*y1 + u2*y2 - v1*x1 - v2*x2 <= 0
```

ఒక్కో డిపోకు ఒక్కోసారి చొప్పున దీన్ని సాధించాలి. పన్నెండు డిపోలుంటే పన్నెండు లెక్కలు.

ఐదు డిపోలతో చేసి చూద్దాం

కింది అంకెలు పద్ధతి చూపడానికి నేను కల్పించుకున్నవి, ఏ నిజమైన డిపోవీ కావు. ఐదు డిపోలు నిజమైన పోలికకు చాలవని పైనే చెప్పాను. చేత్తో సరిచూసుకోవడానికి మాత్రం ఇంతే హాయి. డీజిల్ నెలకు వేల లీటర్లలో, చివరి రెండూ నెలకు లక్షల్లో.

| డిపో | సిబ్బంది | డీజిల్ | ప్రయాణికుల కి.మీ. | పల్లెవెలుగు కి.మీ. |
|---|---|---|---|---|
| క | 500 | 200 | 400 | 2.0 |
| గ | 400 | 160 | 240 | 4.0 |
| చ | 500 | 225 | 320 | 3.0 |
| జ | 480 | 170 | 300 | 2.0 |
| ట | 350 | 210 | 100 | 3.6 |

పైథాన్‌లో ఇది కొద్ది వరుసల పని. అంకెల పరిమాణాల్లో తేడా మరీ ఎక్కువ ఉంటే సాధనం తడబడవచ్చు కాబట్టి ప్రతి నిలువు వరుసనూ దాని సగటుతో భాగించాం. దానివల్ల మార్కులు మారవు.

```python
import numpy as np
from scipy.optimize import linprog

X = np.array([[500,200],[400,160],[500,225],[480,170],[350,210]], float)
Y = np.array([[400,2.0],[240,4.0],[320,3.0],[300,2.0],[100,3.6]])
X, Y = X/X.mean(0), Y/Y.mean(0)

for o in range(len(X)):
    A = np.c_[Y, -X]
    b = np.zeros(len(X))
    r = linprog(np.r_[-Y[o], 0, 0], A_ub=A, b_ub=b,
                A_eq=[np.r_[0, 0, X[o]]], b_eq=[1])
    print(o+1, round(-r.fun, 3))
    print("  వాటాలు", (r.x*np.r_[Y[o], X[o]]).round(3))
    print("  జోడీలు", -r.ineqlin.marginals.round(3))
```

మార్కులు ఇలా వస్తాయి: క, గ, ట మూడింటికీ 1, చ డిపోకు 0.90, జ డిపోకు 0.924.

ఇప్పుడు చ డిపో దగ్గర ఆగి వివరంగా చూడండి. అది తన మొత్తం బరువును సిబ్బంది మీదే పెట్టుకుంది, డీజిల్‌కు సున్నా ఇచ్చుకుంది. ఒక్కొక్క ఉద్యోగికి 0.002, లక్ష ప్రయాణికుల కిలోమీటర్లకు 0.00214, లక్ష పల్లెవెలుగు కిలోమీటర్లకు 0.0714. చేత్తో వేయండి: 320కి 0.686, 3.0కి 0.214, కలిపితే 0.90. అవే బరువులతో క డిపోకు ఫలితాలు 1.00, వనరులు 1.00. గ డిపోకు 0.80కి 0.80. ఈ రెండూ హద్దు మీద ఉన్నాయి, చ మాత్రం లోపల ఉండిపోయింది.

'జోడీలు' అన్న వరుసలో క, గ రెండింటి దగ్గరా 0.5 కనిపిస్తుంది. నన్నడిగితే మార్కు కంటే ఇదే విలువైన సమాచారం. సగం క, సగం గ కలిపి ఒక డిపోను ఊహించుకోండి. దాని ఫలితాలు 320, 3.0, అంటే సరిగ్గా చ చేసినంత పని. దానికి పట్టింది 450 మంది, 180 వేల లీటర్లు. చ వాడుతున్నది 500 మందిని, 225 వేల లీటర్లను. సిబ్బందిలో తేడా పది శాతం, మార్కు 0.90 చెప్పేది దాన్నే. డీజిల్‌లో తేడా మాత్రం ఇరవై శాతం. డీజిల్ బరువు సున్నా కావడంతో ఆ అదనపు వృథా మార్కులోకి రానే లేదు. బరువు ఎక్కడ సున్నా అయిందో అక్కడ ఏదో దాగి ఉండవచ్చని అనుమానించి, ఇలా జోడీ డిపోతో ప్రతి వరుసనూ పోల్చి చూడండి. జ డిపోలో ఇది తిరగబడుతుంది. అక్కడ బరువంతా డీజిల్ మీద ఉంది, సిబ్బందిలో మిగులు దాగి ఉంది.

450 మందితో సరిపోతుందని తేలింది కదా అని యాభై మందిని తగ్గించే వీలు డిపో మేనేజర్‌కు లేదు. 2020 జనవరి నుంచి వారు ప్రభుత్వ ఉద్యోగులు. అందుకని ప్రశ్నను తిప్పి అడగండి: ఉన్న 500 మందితోనే ఎంత పని రావాలి? ఈ నమూనాలో ఫలితాలను మార్కుతో భాగిస్తే చాలు. 320ని 0.9తో భాగిస్తే సుమారు 356, 3.0 అయితే 3.33. డీజిల్ అప్పుడు కూడా 200 దాటనక్కర్లేదు. ఇవి డిపో మేనేజర్‌తో కూర్చుని మాట్లాడదగిన అంకెలు. షెడ్యూళ్లలో ఖాళీ తిరుగుడు ఎక్కడుంది, డీజిల్ గ్యారేజీలో పోతోందా రూట్లో పోతోందా అని అక్కడి నుంచి వెతకవచ్చు.

1 వచ్చిన డిపోను కూడా పరీక్షించండి

ట డిపోకు 1 రావడం మీకు వింతగా అనిపించాలి. 350 మందితో, 210 వేల లీటర్ల డీజిల్‌తో అది చేసింది 100 లక్షల ప్రయాణికుల కిలోమీటర్లే. దానికి పూర్తి మార్కు ఎలా వచ్చింది? ఒక్కో ఉద్యోగికి వచ్చే పల్లెవెలుగు కిలోమీటర్లలో అది అందరికంటే కాస్త ముందుంది. దాంతో బరువంతా ఆ ఒక్క నిష్పత్తి మీదే పెట్టుకుంది. లెక్క వేసి చూస్తే, ప్రయాణికుల కిలోమీటర్లకు రెండున్నర శాతం కంటే ఎక్కువ వాటా ఇచ్చినా, లేక డీజిల్‌కు సుమారు ఎనిమిది శాతం కంటే ఎక్కువ ఇచ్చినా ఆ 1 నిలవదు. 'వాటాలు' వరుసను ప్రింట్ చేయమన్నది ఇందుకే.

దీనికి మందు, వాటాలకు కింది హద్దు పెట్టడం. డీజిల్ వాటా వనరుల్లో కనీసం ముప్ఫై శాతం, ప్రయాణికుల వాటా ఫలితాల్లో కనీసం ముప్ఫై శాతం ఉండాలని రాద్దాం. `linprog` పిలుపుకు ముందు ఈ వరుసలు చేర్చండి:

```python
    A = np.vstack([A, [0, 0, 0, -X[o,1]],
                      [-0.7*Y[o,0], 0.3*Y[o,1], 0, 0]])
    b = np.r_[b, -0.3, 0]
```

ఇప్పుడు ట మార్కు 1 నుంచి 0.69కి దిగుతుంది. చ 0.87 అవుతుంది, ఎందుకంటే దాగి ఉన్న డీజిల్ వృథా కొంత బయటపడింది. క, గ, జ కదలవు. హద్దు ఎంత ఉండాలన్నది మాత్రం మీరు గాలిలోంచి తేకూడదు. వనరుల హద్దును మీ ఖర్చుల పట్టికలో డీజిల్ వాటా చూసి నిర్ణయించండి. ఫలితాల హద్దు విధానపరమైనది, పల్లె సర్వీసుకు సంస్థ ఎంత విలువ ఇస్తుందో పైవారు చెప్పాల్సిన మాట. మార్కులు చూడకముందే దాన్ని రాసుకోండి. చూశాక మారిస్తే, ఏ డిపో కోసం మార్చారని అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉండదు.

ట డిపో నిజంగానే అడవి పల్లెలకు మాత్రమే తిరిగేదైతే దాన్ని 0.69తో తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. దాని పక్కన అలాంటివే మరో రెండు మూడు డిపోలు దొరికే దాకా తీర్పు ఆపండి.

డిపో సైజు గురించి ఒక మాట. ఇప్పటిదాకా వాడిన నమూనా, వనరులు సగమైతే ఫలితాలూ సగమవుతాయని అనుకుంటుంది. చిన్న డిపోకు కూడా ఒక మేనేజర్, ఒక గ్యారేజీ ఉండి తీరాలి కాబట్టి అది పూర్తిగా నిజం కాదు. 1984లో బ్యాంకర్, చార్న్స్, కూపర్ తెచ్చిన సవరణలో జోడీ అంకెల మొత్తం 1 కావాలనే షరతు చేరుతుంది. చిన్న డిపోను అది చిన్నవాటి దగ్గరే నిలబెడుతుంది. రెండు విధాలా వేసి, మార్కులో పెద్ద తేడా వస్తే ఆ తేడా మేరకు లోపం నిర్వహణది కాదు, సైజుది అని అర్థం.

ఎవరికీ చూపించే ముందు ఈ ఒక్క పరీక్ష

1 వచ్చిన డిపోలను ఒక్కొక్కటిగా తీసివేసి లెక్క మళ్లీ వేయండి. హద్దుల వరుసలు లేని మొదటి లెక్కలో గ డిపోను తీసేస్తే, 0.90 ఉన్న చ డిపో 1కి చేరుతుంది. క, ట రెండూ కలిసి చ చేసినంత పని చేయాలంటే దాదాపు 502 మంది, 232 వేల లీటర్లు కావాలి. చ అంతకంటే తక్కువతోనే నెట్టుకొస్తోంది. అంటే చ మీద ఉన్న ఫిర్యాదు మొత్తం గ డిపో పంపిన నాలుగు అంకెల మీద నిలబడి ఉంది. గ డిపో క్లర్కు పల్లెవెలుగు కిలోమీటర్లలో అద్దె బస్సులవి కూడా కలిపి ఉంటే, చ డిపో ఏ తప్పూ లేకుండా నింద మోస్తుంది.

అందుకని సరిచూసే ఓపికను తక్కువ మార్కు వచ్చిన డిపోల మీద ఖర్చుపెట్టకండి. జోడీల వరుసలో ఎక్కువసార్లు కనిపించిన డిపో ఏదో చూసుకోండి. దాని లాగ్‌షీట్లు, డీజిల్ రిజిస్టరు, హాజరు పట్టిక తెప్పించుకుని నెలవారీగా కూడి చూడండి. ఆ అంకెలు నిలబడ్డాకే మిగతా డిపోల మార్కులను కాగితం మీదికి ఎక్కించండి.